మాన్యం భూమికి పట్టా ఎవరి పేరు మీద ఉన్నా, ఆస్తి ఎవరిది? దేవాలయ, మసీదు ఆస్తుల మీద పేపర్ రాసేవారికి

ప్రశ్న: సార్, నేను కర్నూలులో ఎల్ఎల్ఎం చదువుతున్నాను. ప్రాపర్టీ లా పేపర్‌కి దేవాలయ, మసీదు ఆస్తులు, మత నిధుల మీద ప్రభుత్వ నియంత్రణ అనే టాపిక్ తీసుకున్నాను. షిరూర్ మఠం కేసు నుంచి 2025 వక్ఫ్ సవరణ దాకా అన్నీ రాశాను. మా గైడ్ గారు చూసి "ఇది రాజ్యాంగం పేపర్ అయింది, ఇందులో ఆస్తి ఎక్కడుంది?" అన్నారు. మన జిల్లాల విషయం కూడా రావాలంటున్నారు. ఎక్కడ మొదలుపెట్టాలో తెలియక టెన్షన్‌గా ఉంది.

సమాధానం:

మీ గైడ్ గారు అడిగింది సరైన ప్రశ్నే. ఆర్టికల్ 25, 26 దగ్గర మొదలుపెట్టిన పేపర్ చివరిదాకా అక్కడే తిరుగుతుంది. మతస్వేచ్ఛ ఎంత, ప్రభుత్వ జోక్యం ఎంత అన్న చర్చలో భూమి కనిపించకుండా పోతుంది. మీది ప్రాపర్టీ లా పేపర్ కాబట్టి ఒక సర్వే నంబర్ దగ్గర మొదలుపెట్టండి. ఆ భూమి ఎవరిది, ఎవరి పేరున ఉంది, అమ్మితే చెల్లుతుందా, దాని మీద వచ్చిన డబ్బు ఎక్కడికి పోతుంది అని అడుగుతూ పోతే రాజ్యాంగం దానంతటదే వస్తుంది.

మన కర్నూలు, అనంతపురం, కడప జిల్లాల్లో ఈ ప్రశ్నలకు సరిపడే భూమి ఒకటుంది. అది సర్వీసు మాన్యం. గుడిలో పూజ చేసినందుకు అర్చకుడికి, మేళం వాయించినందుకు భజంత్రీకి, మసీదులో నమాజు చేయించినందుకు పేషిమాంకి, దర్గా చూసుకున్నందుకు ముజావర్‌కి పాత పాలకులు ఇచ్చిన ఈనాం భూములు ఇవి. విజయనగర రాజులు ఇచ్చినవి, కర్నూలు నవాబులు ఇచ్చినవి, పాలెగాళ్లు ఇచ్చినవి అన్నీ 1860ల ప్రాంతంలో బ్రిటిష్ వాళ్ల ఈనాం కమిషన్ ముందుకు వచ్చాయి. గుడి మాన్యమూ మసీదు మాన్యమూ ఒకే కమిషన్ ముందు, ఒకే రకం రిజిస్టర్లోకి ఎక్కాయి. తర్వాత రెండు వేర్వేరు చట్టాల కిందికి వెళ్లాయి. పోలిక రాయడానికి ఇంతకంటే మంచి చోటు దొరకదు. రెండు చట్టాలను గాలిలో పోల్చే బదులు, ఒకే రకంగా పుట్టిన రెండు ఆస్తులకు ఏం జరిగిందో చూపించవచ్చు.

పేపర్ ప్రశ్నను ఇలా పెట్టుకోండి: 1956 నాటి ఆంధ్ర ప్రాంత ఈనాంల రద్దు చట్టం కింద సేవకుడి పేరున రైత్వారీ పట్టా, అంటే ప్రభుత్వానికి నేరుగా శిస్తు కట్టే పట్టా, ఇచ్చిన తర్వాత, ఆ భూమి సంస్థ ఆస్తిగా మిగిలిందా, సేవకుడి సొంతం అయిందా? మిగిలితే ఆ భూమి డబ్బుగా మారినప్పుడు ప్రభుత్వానికి, బోర్డుకి అందులో ఎంత చెయ్యి ఉంది?

ఆ చట్టం సంగతి ముందు చూద్దాం. సెక్షన్ 3 కింద తహసీల్దారు మూడు విషయాలు తేల్చాలి. భూమి ఈనాం భూమేనా, అది ఉన్నది రైత్వారీ లేదా జమీందారీ గ్రామమా లేక ఈనాం గ్రామమా, దాన్ని ఒక సంస్థ అనుభవిస్తోందా. సంస్థ అంటే మత సంస్థ, ధర్మ సంస్థ, విద్యా సంస్థ. సెక్షన్ 4 ప్రకారం భూమి సంస్థదని తేలితే పట్టా సంస్థకే రావాలి. ఈనాం గ్రామంలో వ్యక్తిగత ఈనాందారు భూమిలో కౌలుదారు ఉంటే మూడింట రెండు వంతులు కౌలుదారుకు, ఒక వంతు ఈనాందారుకు పోతాయి. సంస్థ భూమికి ఈ పంపకం లేదు. అందుకే మూడో ప్రశ్నకు తహసీల్దారు ఏం జవాబు రాశాడన్న దాని మీద అంతా ఆధారపడింది. ఆ విచారణలు జరిగినప్పుడు ముందు నిలబడి మాట్లాడింది అర్చకుడు, పేషిమాం. దేవుడి తరఫున, మసీదు తరఫున చాలాచోట్ల ఎవరూ రాలేదు. సంస్థదని తేలాల్సిన భూమి వ్యక్తి పేరున పట్టా అయిపోయిన కేసులు మన మూడు జిల్లాల్లోనూ కొల్లలు.

ఇక్కడ రెండు చట్టాలూ ఏం చేశాయో పక్కపక్కన పెట్టండి. మీ పేపర్‌కి గుండెకాయ ఈ భాగమే.

1987 దేవాదాయ చట్టం, అంటే 30వ చట్టం, రెండో సెక్షన్‌లో మత ధర్మాదాయాన్ని నిర్వచిస్తూ ఒక వివరణ చేర్చింది. మత సంస్థలో సేవ కోసం సేవకుడికి ఇచ్చిన ఈనాంను అతనికి ఇచ్చిన సొంత కానుకగా చూడకూడదు, 1956 చట్టం కింద అతని పేరున రైత్వారీ పట్టా వచ్చినా సరే దాన్ని మత ధర్మాదాయంగానే భావించాలి అని దాని సారం. పట్టా చట్టాన్ని పేరు పెట్టి మరీ ప్రస్తావించారు. అంటే తహసీల్దార్ల దగ్గర ఏం జరిగిందో శాసనసభకు తెలుసు, తెలిసే దాన్ని సరిదిద్దడానికి ప్రయత్నించింది. ఈ వివరణను పేపర్‌లో పూర్తిగా ఉటంకించండి, ప్రతి మాటనూ విడదీయండి. "భావించాలి" అన్న మాట వేసి చట్టం ఒక కల్పనను సృష్టిస్తోంది. ఆ కల్పన ఎంత దూరం పోతుంది? 1987కి ముందే పట్టాదారు అమ్మేసిన భూమిని కూడా పట్టుకుంటుందా? మీ సొంత వాదానికి చోటు అక్కడ ఉంది.

వక్ఫ్ వైపు ఇలా నేరుగా పట్టా చట్టం పేరెత్తిన వివరణ లేదు. కానీ వక్ఫ్ నిర్వచనంలోనే మష్రూత్-ఉల్-ఖిద్మత్ అనే పదం ఉంది. సేవ షరతుతో ఇచ్చిన గ్రాంటు అని దాని అర్థం. 1954 చట్టంలోనూ ఉంది, 1995 చట్టంలోనూ ఉంది. పట్టా సంగతి కోర్టు తేల్చింది. సయ్యద్ అలీ వర్సెస్ ఏపీ వక్ఫ్ బోర్డు, 1998 సుప్రీంకోర్టు తీర్పు. ఈనాంల రద్దు చట్టం కింద పట్టా ఇచ్చినంత మాత్రాన ముందు జరిగిన వక్ఫ్ అంకితం చెరిగిపోదని కోర్టు చెప్పింది. ఒకసారి వక్ఫ్ అయితే ఎప్పటికీ వక్ఫే అన్న సూత్రాన్ని ఈ పట్టాలకు వర్తింపజేసింది.

గుడి భూమికి రక్షణ శాసనం రాసిన వివరణలోంచి వచ్చింది. మసీదు భూమికి రక్షణ ముస్లిం లాలోని సూత్రాన్ని కోర్టు వాడటం వల్ల వచ్చింది. ఫలితం దాదాపు ఒకటే, దారి వేరు. దారి వేరు కావడం వల్ల బలహీనతలు కూడా వేరు. శాసనం ఇచ్చిన రక్షణ ఆ శాసనంలోని మాటల దగ్గర ఆగుతుంది. సూత్రం ఇచ్చిన రక్షణ ముందు వక్ఫ్ ఉందని రుజువు చేయగలిగితేనే మొదలవుతుంది.

రెండోదానికి హద్దు ఎక్కడో చూపించే తీర్పు 2022 ఫిబ్రవరిలో వచ్చింది. మణికొండ జాగీరు కేసు. హైదరాబాద్ దగ్గర హజ్రత్ హుస్సేన్ షా వలీ దర్గా పేరున 1654 ఎకరాల 32 గుంటలు వక్ఫ్ అని 2006లో ఒక సవరణ గెజెట్ వేశారు. 1989 నాటి అసలు గెజెట్లో ఉన్నది కొన్ని వేల చదరపు గజాలు మాత్రమే. అచ్చుతప్పులు దిద్దే సవరణ పేరుతో ఇంత భూమిని కలపడం కుదరదని సుప్రీంకోర్టు ఆ గెజెట్‌ను కొట్టేసింది, భూమి ప్రభుత్వానిదని తేల్చింది. విద్యార్థుల పేపర్లలో సయ్యద్ అలీని చివరి మాటలా వాడి మణికొండను వదిలేయడం తరచూ చూస్తాను. రెండూ కలిపి చదవాలి. మొదటి కేసులో అంకితం రుజువైంది. రెండో కేసులో సర్వే, విచారణ, ప్రకటన అన్న వరుస జరగలేదు, పైగా అది తెలంగాణ జాగీరు, అక్కడి రద్దు చట్టం వేరు. రాయలసీమ ఈనాంకి తెలంగాణ జాగీరు తీర్పును ఎంతవరకు అన్వయించవచ్చు అన్నది మీరు ఒక పేజీ రాయదగ్గ ప్రశ్న.

ఇక రుజువు. ఈ కేసుల్లో మూలం ఈనాం ఫెయిర్ రిజిస్టర్. కోర్టుల్లో ఐఎఫ్ఆర్ అంటారు. 1919లో అరుణాచలం చెట్టి కేసులో ప్రివీ కౌన్సిల్ దీనికి పెద్ద విలువ ఇచ్చింది, అప్పటి నుంచి ఇప్పటిదాకా అందరూ అదే చెప్తారు. అందులో ఈనాం ఏ తరగతిదో, ఏ పని కోసమో, ఎవరు ఎప్పుడు ఇచ్చారో, మొదట ఎవరికి ఇచ్చారో, విచారణనాటికి ఎవరు అనుభవిస్తున్నారో, శిస్తు ఎంత, ఈనాందారు కట్టాల్సిన తగ్గించిన శిస్తు అయిన జోడి ఎంత, చివరికి ఏ షరతుతో ఖాయం చేశారో ఉంటాయి. తర్వాత ఇచ్చిన టైటిల్ డీడ్ నంబర్‌నే మన ఊళ్లలో టీడీ నంబర్ అంటారు.

రిజిస్టర్ చదివేటప్పుడు అనుభవదారు పేరు చూసి ఆగిపోకండి. అక్కడ అర్చకుడి పేరే ఉంటుంది, పేషిమాం పేరే ఉంటుంది. చూడాల్సింది ఎందుకోసం అన్న గడి, చివరి ఉత్తర్వు గడి. "గుడిలో పూజ, దీపారాధన జరిగినంత కాలం" అని ఖాయం చేసి ఉంటే భూమి సేవతో కట్టుబడి ఉంది. "దేవదాయం, స్వామి పేరున" అని ఉంటే ఇంకా స్పష్టం. అలా కాకుండా వ్యక్తికి జీవనం కోసం ఇచ్చి, దాని మీద చిన్న సేవ భారం పెట్టినట్టు ఉంటే అది వ్యక్తిగత ఈనాం అని వాదించే వీలుంది. పాత కేసుల్లో సగం యుద్ధం ఈ తేడా మీదే జరిగింది.

ఇంకో సూక్ష్మం ఉంది. ఇచ్చింది భూమినా, భూమి మీద శిస్తునా? మేల్వారం మాత్రమే ఇచ్చారా, కుడివారం కూడా ఇచ్చారా? మేల్వారం మాత్రమే ఇచ్చి ఉంటే సంస్థకు వచ్చేది శిస్తు హక్కు, సాగు హక్కు రైతుదే. ఈ ఒక్క ప్రశ్నతో సంస్థ వాదం మొత్తం కూలిపోయిన కేసులున్నాయి. గ్రాంటు మాటలు, తర్వాతి అనుభవం రెండూ చూసి తేల్చాలి.

ఇప్పుడు ఒక ఊరు అనుకుందాం. నంద్యాల వైపో, పులివెందుల వైపో, ఎక్కడైనా అనుకోండి. ఉదాహరణ నాది, ఇందులో ప్రతి మలుపూ మన కోర్టుల్లో మామూలుగా కనిపించేదే. చెన్నకేశవస్వామి గుడికి అర్చక మాన్యం 6 ఎకరాల 40 సెంట్లు. పక్కనే మసీదు పేషిమాం మాన్యం 3 ఎకరాల 20 సెంట్లు. ఐఎఫ్ఆర్‌లో రెండింటికీ సేవ జరిగినంత కాలం అని ఉత్తర్వు. 1960లలో 1956 చట్టం కింద విచారణ జరిగి అర్చకుడి పేరున, పేషిమాం పేరున వేర్వేరు పట్టాలు వచ్చాయి. 1980లలో అర్చకుడి కొడుకు 2 ఎకరాలు రిజిస్టర్డు సేల్ డీడ్‌తో అమ్మాడు. కొన్న రైతుకు పాసు పుస్తకం వచ్చింది, బోరు వేశాడు, చీనీ తోట పెట్టాడు. పేషిమాం కుటుంబం అమ్మలేదు, కౌలుకు ఇచ్చుకుంటోంది. ఇప్పుడు రోడ్డు వెడల్పు కోసం అర్చక మాన్యంలో 1 ఎకరా 10 సెంట్లు, పేషిమాం మాన్యంలో 80 సెంట్లు సేకరిస్తున్నారు. అర్చక మాన్యంలో పోయేది రైతు కొన్న ముక్కలోదే. పరిహారం ఎకరాకు 30 లక్షలని అనుకుందాం. గుడి వైపు 33 లక్షలు, మసీదు వైపు 24 లక్షలు.

గుడి వైపు డబ్బుకు ముగ్గురు వస్తారు: కొన్న రైతు, అర్చకుడి వారసులు, దేవాదాయ శాఖ. రైతు వాదం బలంగానే వినిపిస్తుంది. ప్రభుత్వమే పట్టా ఇచ్చింది, ప్రభుత్వమే రిజిస్టర్ చేసింది, ప్రభుత్వమే పాసు పుస్తకం ఇచ్చింది, నేను డబ్బు పెట్టి కొన్నాను అంటాడు. ఆస్తి బదిలీ చట్టం సెక్షన్ 41 కింద బయటికి యజమానిలా కనిపించే వ్యక్తి దగ్గర మంచి నమ్మకంతో కొన్నానంటాడు. ఆ సెక్షన్‌లో ఒక షరతుంది. అలా కనిపించడం అసలు హక్కుదారు సమ్మతితో జరిగి ఉండాలి. ఇక్కడ అసలు హక్కుదారు దేవుడు, చట్టం దృష్టిలో మైనర్‌తో సమానం. మైనర్ సమ్మతి ఇవ్వలేడు. పైగా 1966 దేవాదాయ చట్టంలోనూ, 1987 చట్టం సెక్షన్ 80లోనూ ముందస్తు అనుమతి లేని అమ్మకం చెల్లదని ఉంది. పట్టాదారుకు తనకు లేని హక్కును ఇంకొకరికి ఇచ్చే శక్తి లేదు. 2021లో మధ్యప్రదేశ్ పూజారుల కేసులో పూజారి యజమాని కాడు, దేవుడే యజమాని, యజమాని గడిలో పూజారి పేరు ఉండనక్కర్లేదు అని సుప్రీంకోర్టు చెప్పింది. అది వేరే రాష్ట్రం రెవెన్యూ చట్టం మీద తీర్పు కాబట్టి దాన్ని బలపరిచే వాదంగా వాడండి, మూలంగా కాదు. మూలం 1987 చట్టంలోని వివరణే. 2013లో ఈనాంల రద్దు చట్టానికి వచ్చిన సవరణను కూడా దీని పక్కన పెట్టి చదవండి.

నా అభిప్రాయం అడిగితే, చట్టం ప్రకారం రైతు ఓడిపోతాడు, న్యాయం ప్రకారం అతని బాధ నిజం. పేపర్‌లో ఈ రెండూ రాయాలి. బోరు, చెట్లు, పైపులైను లాంటి వాటికి వచ్చే పరిహారం భూమి విలువ నుంచి విడిగా లెక్కకడతారు. భూమి విలువ దేవుడికి, చెట్ల విలువ పెట్టినవాడికి అని విడదీసి వాదించవచ్చు. చాలామంది లాయర్లే ఈ విభజన అడగడం మర్చిపోతారు, రైతు మొత్తం పోగొట్టుకుంటాడు.

మసీదు వైపు కొనుగోలుదారు లేడు కాబట్టి వివాదం పేషిమాం కుటుంబానికి, వక్ఫ్ బోర్డుకు మధ్యే. సయ్యద్ అలీ ప్రకారం పట్టా అడ్డుకాదు. కానీ బోర్డు రెండు కాగితాలు చూపించాలి: ఐఎఫ్ఆర్, సర్వే కమిషనర్ నివేదిక మీద వచ్చిన గెజెట్. మన ప్రాంతపు పాత గెజెట్లు 1960ల నాటివి. వాటిలో ఊరి పేరు, మసీదు పేరు ఉంటాయి, సర్వే నంబర్ ఒక్కోసారి ఉండదు, ఉన్నా విస్తీర్ణం తేడాగా ఉంటుంది. ఆ ఖాళీని ఇప్పుడు కొత్త గెజెట్‌తో పూరించబోతే మణికొండ తీర్పు అడ్డొస్తుంది. అప్పుడు ఐఎఫ్ఆర్ నుంచి రీసెటిల్‌మెంట్ రిజిస్టర్ దాకా నంబర్ ఎలా మారుతూ వచ్చిందో చూపించడం ఒక్కటే దారి.

ఇక నిధుల దగ్గరికి వద్దాం. మీ టాపిక్‌లో రెండో సగం ఇదే, మీరు షిరూర్ మఠం దగ్గర ఆగిపోయింది కూడా ఇక్కడే. 2013 భూసేకరణ చట్టం సెక్షన్ 77 ప్రకారం హక్కు వివాదంలో ఉన్నా, అమ్మే శక్తి ఉన్న వ్యక్తి లేకపోయినా పరిహారాన్ని అథారిటీ దగ్గర డిపాజిట్ చేయాలి. సెక్షన్ 78 ప్రకారం అమ్మే శక్తి లేనివారి భూమి తాలూకు డబ్బుతో మళ్లీ భూమి కొనాలి, అది వెంటనే కుదరకపోతే ప్రభుత్వ సెక్యూరిటీల్లాంటి వాటిలో పెట్టాలి. ఆ డబ్బు భూమి స్థానంలో నిలబడిందని చట్టం భావిస్తోందన్న మాట. గుడి భూమి పోయి 33 లక్షలు వస్తే ఆ 33 లక్షలు మూలధనం, ఆదాయం కాదు.

ఈ తేడా ఎందుకంత ముఖ్యమో లెక్క వేసి చూపిస్తాను. 33 లక్షలు 7 శాతం వడ్డీకి వేస్తే ఏడాదికి 2 లక్షల 31 వేలు. ఆ ఎకరా పది సెంట్ల మీద కౌలు ఏడాదికి 20 వేలు వచ్చేదనుకుంటే, గుడి ఆదాయం ఒక్కసారిగా పదకొండు రెట్లు పైన పెరిగినట్టు కాగితం మీద కనిపిస్తుంది. 1987 దేవాదాయ చట్టం సెక్షన్ 65 కింద శాఖ నిర్వహణకు కట్టే చందా, గుళ్ల ఉమ్మడి మేలు కోసం సెక్షన్ 70 కింద ఏర్పడిన సర్వశ్రేయోనిధి లెక్క, చివరికి ఆ గుడి ఏ తరగతిలోకి వస్తుందన్నది కూడా వార్షిక ఆదాయం మీదే ఆధారపడతాయి. 33 లక్షలనే ఆ ఏటి ఆదాయంగా రాసేసిన పద్దు పుస్తకం కనిపిస్తే అది తప్పు. ఆడిట్‌లో ఎవరూ అడగకపోతే గుడి మూలధనంలోంచే చందా కట్టినట్టు అవుతుంది. తప్పు జరిగిందా అని తెలుసుకోవడానికి ఒకటే గుర్తు: పరిహారం వచ్చిన ఏడు చందా డిమాండ్ ఒక్కసారిగా ఎగిరి, మరుసటి ఏడు పడిపోతే మూలధనాన్ని ఆదాయంగా చూశారన్న మాట.

వక్ఫ్ వైపు సెక్షన్ 72 ఉంది. నికర వార్షిక ఆదాయంలో 7 శాతం మించకుండా బోర్డుకు చందా కట్టాలని 1995 చట్టం చెప్పింది. 2025 సవరణ ఆ పైపరిమితిని 5 శాతానికి తగ్గించింది. మూలధనానికి వచ్చిన విరాళాలు ఆదాయం కాదు, వాటి మీద వచ్చే వడ్డీ మాత్రం ఆదాయమే అని ఆ సెక్షన్‌లోనే ఉంది. మన ఉదాహరణలో 24 లక్షల మీద 7 శాతం వడ్డీ 1 లక్ష 68 వేలు. మినహాయింపులు ఏవీ లేవనుకుంటే పాత పైపరిమితిలో చందా 11,760 రూపాయలు, కొత్త పైపరిమితిలో 8,400. పేషిమాం జీతానికి ఈ మూడు వేల పైచిలుకు తేడా పెద్దదే.

షిరూర్ మఠం ఇక్కడికి వచ్చాక పెట్టండి, అప్పుడు దానికి ప్రాణం వస్తుంది. 1951 మద్రాసు చట్టం సెక్షన్ 76 కింద సంస్థ ఆదాయంలో 5 శాతం మించకుండా చందా వసూలు చేసేవారు. మన మూడు జిల్లాలు 1953 దాకా ఆ మద్రాసు రాష్ట్రంలోవే. 1954లో సుప్రీంకోర్టు ఆ చందాను రుసుము కాదు, పన్ను అని కొట్టేసింది. ఇచ్చిన డబ్బుకూ చేసిన సేవకూ సంబంధం లేదు, డబ్బు ప్రభుత్వ సాధారణ ఖజానాలోకి పోతోంది అన్నది కారణం. అప్పుడే ఒడిశా మహంత్ జగన్నాథ రామానుజ దాస్ కేసులో అలాంటి చందానే రుసుముగా సమర్థించింది, ఎందుకంటే అక్కడ విడి నిధి ఉంది. మీరు అడగాల్సింది ఏమిటంటే, ఒక గుడి డబ్బుతో ఇంకో పాడుబడ్డ గుడికి జీర్ణోద్ధారణ చేయించే సర్వశ్రేయోనిధి, డబ్బు కట్టిన గుడికి చేసిన సేవ ఎలా అవుతుంది? వక్ఫ్ సెక్షన్ 72 "బోర్డు చేసే సేవలకు గాను" అని మాటల్లోనే రుసుము స్వభావాన్ని రాసుకుంది. దేవాదాయ చట్టం వైపు నిధులు రెండుగా విడిపోయాయి: నిర్వహణ ఖర్చుకు ఒకటి, ఉమ్మడి మేలుకు ఒకటి. మొదటిదాన్ని రుసుము అనడం తేలిక, రెండోదాన్ని అనడానికి కష్టపడాలి. ఈ వాదాన్ని మీరు నిలబెట్టగలిగితే పేపర్‌లో మీ మాట అదే.

గుళ్లు ప్రభుత్వం చేతిలో ఉన్నాయి, మసీదులు స్వేచ్ఛగా ఉన్నాయి అన్న మాట మీకు చదివిన ప్రతిచోటా ఎదురవుతుంది. దాన్ని అలాగే రాసుకోకండి, ఎదురు వాదంగానూ రాయకండి. వక్ఫ్ ఆస్తి అమ్మకం మీద, లీజు మీద చట్టం పెట్టిన కట్టడి తక్కువేం కాదు. తేడా నియంత్రణ ఉందా లేదా అన్నది కాదు. దేవాదాయ కమిషనర్ ప్రభుత్వ అధికారి. వక్ఫ్ బోర్డు చట్టం సృష్టించిన విడి సంస్థ, దాని సభ్యులను ఎలా ఎంచాలన్నదే 2025లో గొడవ అయింది. ఇద్దరి అధికారాలను గడులు గీసి కాదు, మన ఉదాహరణలోని 33 లక్షలు, 24 లక్షలు ఎవరి సంతకంతో కదులుతాయో చెప్పి చూపించండి.

ప్రభుత్వ నియంత్రణకు హద్దు చూపించాలంటే మన దగ్గరే అహోబిలం ఉంది. ఆ గుడి అహోబిల మఠంలో అంతర్భాగం, కాబట్టి రాష్ట్రం అక్కడ కార్యనిర్వహణాధికారిని నియమించడం చెల్లదని 2022 అక్టోబరులో హైకోర్టు చెప్పింది, 2023 జనవరిలో సుప్రీంకోర్టు జోక్యానికి నిరాకరించింది. మఠం ఆస్తికీ, ఊరి గుడి ఆస్తికీ చట్టం ఒకేలా వర్తించదని చెప్పడానికి అర పేజీ చాలు. దేవుని కడప, ఒంటిమిట్ట మాత్రం నమూనాగా తీసుకోవద్దు. అవి టీటీడీ కిందివి, 1987 చట్టంలో టీటీడీకి విడి అధ్యాయం ఉంది, మీ పోలిక మొత్తం చెదిరిపోతుంది. మామూలు ఊరి గుడి, మామూలు ఊరి మసీదు తీసుకోండి.

కాగితాల సంగతి చెప్తాను. దేవాదాయ శాఖ జిల్లా ఆఫీసులో సెక్షన్ 43 రిజిస్టర్, అంతకుముందు 1966 చట్టం నాటి 38 రిజిస్టర్ ఉంటాయి. సమాచార హక్కు దరఖాస్తులో రెండింటి నకళ్లూ విడివిడిగా అడగండి. కొత్తదాంట్లో లేని సర్వే నంబర్ పాతదాంట్లో ఉండటం మామూలు. ఐఎఫ్ఆర్ నకలు కోసం కలెక్టరేట్ రికార్డు రూమ్, అక్కడ దొరక్కపోతే మద్రాసు బోర్డ్ ఆఫ్ రెవెన్యూ కాగితాలకు చెన్నై ఎగ్మూరు ఆర్కైవ్స్. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు విడిపోయాయి కాబట్టి నంద్యాల ఊరికి కర్నూలులో, పుట్టపర్తి వైపు ఊరికి అనంతపురంలో, రాయచోటి వైపు ఊరికి కడపలో పాత ఫైళ్లు వెతకాల్సి రావచ్చు. ఊళ్లో రీసర్వే అయిపోయి ఉంటే పాత సర్వే నంబర్ స్థానంలో ల్యాండ్ పార్సెల్ మ్యాప్ నంబర్, అంటే ఎల్పీఎం నంబర్ వచ్చి ఉంటుంది. ఐఎఫ్ఆర్ నాటి నంబర్, రీసెటిల్‌మెంట్ నంబర్, ఎల్పీఎం నంబర్ ఈ మూడూ ఒకే ముక్కవని చూపించే పట్టిక ఒకటి తయారు చేసుకోండి. ఆ పట్టిక లేకపోతే మీ వాదం ఏ భూమి గురించో చదివేవారికి తెలియదు.

రిజిస్ట్రేషన్ చట్టం సెక్షన్ 22-ఎ జాబితా కూడా చూడండి, కానీ దాన్ని హక్కు రుజువుగా వాడకండి. దేవాదాయ శాఖ, వక్ఫ్ బోర్డు పంపిన జాబితాలు సబ్ రిజిస్ట్రార్ దగ్గర ఉంటాయి. చట్టం అనుమతించిన వ్యక్తి కాకుండా ఇంకెవరైనా ఆ భూములకు సేల్ డీడ్, పదేళ్లు మించిన లీజు లాంటివి రాస్తే రిజిస్టర్ చేయకూడదు. జాబితాలో ఉండటం అడ్డంకి మాత్రమే, యజమాని ఎవరో అది తేల్చదు. 2015లో వింజమూరి రాజగోపాలాచారి కేసులో హైకోర్టు ఫుల్ బెంచ్ ఈ జాబితాల మీద వివరంగా రాసింది.

చివరిగా 2025 వక్ఫ్ సవరణ. మీ పేపర్‌కి అందులో కావలసింది కొన్ని విషయాలే. వక్ఫ్ భూమి కేసులకు, దావా వేయడానికి గడువు పెట్టే లిమిటేషన్ చట్టం వర్తించదని పాత సెక్షన్ 107 అనేది, ఇప్పుడు వర్తిస్తుంది. మన ఉదాహరణలో పేషిమాం కుటుంబం 1980లలో భూమి అమ్మేసి ఉంటే, ఈ మార్పు వల్ల కొనుగోలుదారుకు కొత్త ఆయుధం దొరికేది. వాడుకను బట్టి వక్ఫ్ అన్న దారి ముందు కాలానికి మూసుకుపోయింది, ఇప్పటికే రిజిస్టర్ అయినవి వివాదంలో లేకపోతే, ప్రభుత్వ భూమి కాకపోతే మిగులుతాయి. సర్వీసు మాన్యానికి ఐఎఫ్ఆర్ ఉంటే వాడుక మీద ఆధారపడక్కర్లేదు, అందుకే ఆ రిజిస్టర్ విలువ ఇప్పుడు ఇంకా పెరిగింది. ప్రభుత్వ భూమి అన్న వివాదాన్ని అధికారి తేల్చే సెక్షన్ 3సిలో ముఖ్యమైన భాగాలను, వక్ఫ్ చేసేవారు ఐదేళ్లు ఇస్లాం ఆచరించి ఉండాలన్న షరతును 2025 సెప్టెంబర్ 15న సుప్రీంకోర్టు నిలిపివేసింది. లిమిటేషన్ మార్పును నిలిపివేయలేదు. అది మధ్యంతర ఉత్తర్వు మాత్రమే. పేపర్ మొదటి పేజీలోనే "ఫలానా తేదీ వరకు ఉన్న చట్టం" అని రాసి, ఆ తేదీ తర్వాతి మార్పులను వాదంలో కలపకుండా ఫుట్‌నోట్‌లో పెట్టండి.